మార్కెట్ 40 శాతం పడితే: ఒకే డబ్బుకు మూడు పనులు

ప్రశ్న: నా వయసు 51. మా వారు రెండేళ్ల క్రితం ఉద్యోగం మానుకున్నారు కనుక ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. డబ్బు అంకెలు రాయడం ఇష్టం లేక, మా ఇంటి ఏడాది ఖర్చును ఒక భాగంగా లెక్కకట్టి రాస్తున్నాను. మా మదుపు మొత్తం 20 భాగాలు. అందులో 15 ఈక్విటీ ఫండ్లలోనూ, 4 బాండ్లు, డిపాజిట్లలోనూ, 1 పొదుపు ఖాతాలోనూ ఉన్నాయి. ఏటా మరో భాగం పొదుపు చేయగలుగుతున్నాను, అది ఈక్విటీలోకే వెళుతోంది. మూడేళ్ల తర్వాత అమ్మాయి పైచదువుకు 4 భాగాలు కావాలి. 60 ఏళ్లకు ఉద్యోగం విరమించేనాటికి చేతిలో 25 భాగాలు ఉండాలని మా లక్ష్యం. మార్కెట్ 40 శాతం పడితే మీ సంగతేమిటని ఈ మధ్య ఒక స్నేహితురాలు అడిగింది. 20లో 8 పోయి 12 మిగులుతాయని లెక్క వేసుకున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "అది కాగితం మీది నష్టమే, పడ్డది లేస్తుంది" అంటారు మా వారు. కానీ 2020లో మార్కెట్ పడినప్పుడు నేను భయపడి సగం ఫండ్లు అమ్మేశాను, ఏడాది తర్వాత ఎక్కువ ధరకు తిరిగి కొన్నాను. ఇప్పుడే కొంత అమ్మేయాలా, అలాగే ఉంచాలా?

సమాధానం: మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ 12 అనే అంకె దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే అది సరైన అంకె కాదు. 40 శాతం పతనం అన్న మాట షేర్ల మార్కెట్‌కు వర్తించేది, మీ మదుపు మొత్తానికి కాదు. ఈక్విటీలో ఉన్న 15 భాగాలు 9 అవుతాయి, మిగిలిన 5 అలాగే ఉంటాయి, కాబట్టి మీ దగ్గర 14 భాగాలు మిగులుతాయి. మొత్తం మీద చూస్తే అది 30 శాతం తగ్గుదల. 14 కూడా సంతోషపెట్టే అంకె కాదు గానీ, 12కూ 14కూ మధ్య తేడా రెండేళ్ల ఇంటి ఖర్చు.

అయితే ఆ 5 భాగాలు నిజంగా కదలకుండా ఉంటాయా అన్నది మీరు ఒకసారి విప్పి చూసుకోవలసిన విషయం. డిపాజిట్లు, పొదుపు ఖాతా సంగతి సరే. బాండ్లు అలా కాదు. 2022లో వడ్డీ రేట్లు వేగంగా పెరిగినప్పుడు చాలా దేశాల్లో షేర్లూ బాండ్లూ ఒకేసారి పడ్డాయి. దీర్ఘకాలిక బాండ్లు పట్టుకున్నవారు సురక్షితమనుకున్న చోటే గట్టిగా నష్టపోయారు. ఎక్కువ వడ్డీకి ఆశపడి తక్కువ రేటింగ్ ఉన్న సంస్థల బాండ్లు కొన్నవారిది మరో ఇబ్బంది. మార్కెట్ కుప్పకూలే రోజుల్లో ఆ సంస్థలు అప్పు తీర్చగలవా అన్న అనుమానం కూడా పెరుగుతుంది కనుక, ఆ బాండ్ల ధరలు షేర్ల వెంటే కిందికి దిగుతాయి. మీ బాండ్లు ఎప్పుడు గడువు తీరతాయి, వాటిని జారీ చేసినవారు ఎవరు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఆ 4 భాగాలను సురక్షితమైనవిగా లెక్కపెట్టండి. ఇక్కడినుంచి నేను వాటిని సురక్షితమనే అనుకుని రాస్తున్నాను.

మీ స్నేహితురాలు ఎంచుకున్న 40 శాతం అతిగా భయపెట్టే అంకె ఏమీ కాదు. అమెరికా మార్కెట్‌కు కొలమానంగా చూసే ఎస్ అండ్ పి 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి దాకా సుమారు 57 శాతం పడింది. 2000 నుంచి 2002 వరకు సాగిన పతనంలో దాదాపు సగం పోయింది. అంతకన్నా లోతైన పతనాలూ ఉన్నాయి. కాబట్టి 40 శాతాన్ని అడుగు అనుకోకండి. ఒక మదుపరి తన జీవితకాలంలో ఒకటి రెండుసార్లయినా చూడవలసి రావచ్చు అనుకునే స్థాయి పతనం అనుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. దీన్ని 20 భాగాల మీద ఒకే ముద్దగా చేస్తే భయం తప్ప ఏమీ తేలదు. ఒక్కో లక్ష్యాన్నీ విడదీసి, దాని తేదీతో కలిపి అడగాలి.

ముందు దూరంగా ఉన్నది, అంటే మీ ఉద్యోగ విరమణ. మీరు ఏడాది ఖర్చునే కొలతగా పెట్టుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. ధరలు పెరిగితే కొలత కూడా దానంతటదే పెరుగుతుంది కనుక, మనం ద్రవ్యోల్బణాన్ని మించి వచ్చే రాబడిని మాత్రమే చూసుకుంటే చాలు. మొత్తం మదుపు మీద అది ఏటా 3 శాతం అనుకుందాం. ఇది నా ఊహ మాత్రమే, హామీ కాదు. ఏ పతనమూ రాకపోతే, ఏటా ఒక భాగం చేరుస్తూ, మూడో ఏడు చివర 4 భాగాలు తీసేసినా, 60 ఏళ్లకు మీ దగ్గర సుమారు 31 భాగాలు ఉంటాయి. మీ లక్ష్యం 25. మీరు గమనించారో లేదో, ఈ లెక్క ప్రకారం మీకు ఇప్పటికే ఆరు భాగాల వెసులుబాటు ఉంది.

పతనం రేపే వచ్చి, 20 కాస్తా 14 అయ్యిందనుకోండి. అంతేకాదు, మార్కెట్ ఎగిరి గంతేసి కోలుకోదని, అక్కడినుంచి మళ్లీ అదే 3 శాతంతో నిదానంగా నడుస్తుందని కూడా అనుకుందాం. అప్పుడు 60 ఏళ్లకు సుమారు 23.6 భాగాలు చేతికొస్తాయి. లక్ష్యానికి దాదాపు 1.4 భాగాలు తక్కువ. మరొక్క ఏడాది ఉద్యోగం చేస్తే ఆ లోటు పూడుతుంది. అంటే, మిమ్మల్ని రాత్రంతా మేలుకొలిపిన పతనం ఈ ఒక్క లక్ష్యం విషయంలో మిమ్మల్ని అడిగే మూల్యం ఒక ఏడాది.

అదే పతనం మీకు 59 ఏళ్లు నిండాక వస్తే కథ మారుతుంది. అప్పటికీ మీ మదుపులో నాలుగింట మూడు వంతులు ఈక్విటీలోనే ఉంటే, దాదాపు 31 భాగాలు 22కు దిగుతాయి. లక్ష్యం అందడానికి ఇంకో రెండేళ్లు పని చేయాలి, ఆ వయసులో ఉద్యోగం కొనసాగించడం మీ చేతిలో ఉండకపోవచ్చు కూడా. 57, 58 ఏళ్లు వచ్చేసరికి ఈక్విటీ వాటాను మొత్తం మదుపులో సగానికి తగ్గించుకుని ఉంటే, రాబడి కాస్త తగ్గి 30 భాగాల దగ్గర ఉన్నా, పతనం తర్వాత 24 మిగులుతాయి. కాబట్టి విరమణ డబ్బు విషయంలో నేటి పతనం కన్నా చివరి రెండు మూడేళ్లలో వచ్చే పతనమే మీకు ప్రమాదం. దాని గురించి ఈ నెలలో చేయవలసింది ఏమీ లేదు.

మీ వారు చెప్పిన మాట ఈ డబ్బు విషయంలో సరైనదే. అమ్మనవసరం లేని డబ్బు కాగితం మీద పడి కాగితం మీదే లేవవచ్చు. కానీ ఫీజు కట్టవలసిన రోజు ఒకటి ఉంటుంది, ఆ రోజున కాగితం మీది నష్టం నిజమైన నష్టం అవుతుంది. అమ్మాయి చదువుకు 4 భాగాలు ఈక్విటీ నుంచి తీయాలనుకుని ఉంటే, పడిపోయిన 9లోంచి 4 అమ్మాలి, మిగిలేది 5. ఆ 5 తిరిగి 15 కావాలంటే మూడింతలు కావాలి. అమ్మకుండా ఉంచిన 9 తిరిగి 15 కావడానికి 67 శాతం పెరిగితే చాలు. ఇంత తేడా రావడానికి కారణం ఆ డబ్బుకు ఒక తేదీ ఉండటమే.

"చదువుకు బాండ్లు ఉన్నాయి కదా" అని మీరు అనవచ్చు. నిజమే, 4 భాగాలకు 4 భాగాలు సరిపోతాయి. అయితే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించినది ఇక్కడే ఉంది. మీ సురక్షిత డబ్బు మొత్తం 5 భాగాలు. అమ్మాయి చదువు ఆ డబ్బు మీదే ఆధారపడి ఉంది. ఇల్లు ఒక్క జీతం మీద నడుస్తోంది కనుక, ఆ జీతం ఆగితే బతుకుతెరువు కూడా దాని మీదే. ఇక మార్కెట్ పడినప్పుడు చవకగా కొనాలని అందరూ ఇచ్చే సలహా ఉంది చూడండి, దానికి కావలసిన డబ్బు కూడా అక్కడినుంచే రావాలి. ఒకే డబ్బును మూడు పనులకు మూడుసార్లు లెక్కపెట్టుకోవడం చాలా మంది చేసే పొరపాటు. మామూలు రోజుల్లో అది బయటపడదు, ఎందుకంటే ఆ మూడు అవసరాలూ ఒకేసారి రావు. పతనం వచ్చినప్పుడు మాత్రం అవి కలిసి వచ్చే అవకాశం ఎక్కువ. మార్కెట్లు కూలడమూ ఉద్యోగాలు పోవడమూ తరచూ ఒకే ఆర్థిక సంక్షోభం నుంచి పుడతాయి. 2008 సంక్షోభం తర్వాత అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబరు నాటికి 10 శాతానికి చేరింది.

మీ ఇంటికి దీన్ని వర్తింపజేద్దాం. మూడో ఏడు మొదట్లో మార్కెట్ 40 శాతం పడింది, దాంతోపాటు మీ జీతమూ ఆగింది. అప్పటివరకు చేసిన కొత్త పొదుపు ఈక్విటీలోకి వెళ్లింది కనుక అదీ పడింది. ఆ ఏడాది ఇంటి ఖర్చు పొదుపు ఖాతాలోని ఒక భాగాన్ని తినేస్తుంది. ఏడాది చివర ఫీజులు బాండ్లలోని 4 భాగాలనూ తీసుకుంటాయి. సురక్షిత డబ్బు సరిగ్గా సున్నా అవుతుంది. కొత్త ఉద్యోగం దొరకడానికి మరో ఆరు నెలలు పడితే, ఇంటి ఖర్చు కోసం మీరు పడిపోయిన ధరకు ఈక్విటీని నెలనెలా అమ్ముతూ ఉండాలి. ఒకవేళ పతనం మొదట్లోనే ధైర్యం చేసి బాండ్లు అమ్మి షేర్లు కొని ఉంటే, ఆ పరిస్థితి ఇంకా ముందే వస్తుంది. ఈ పరీక్షలో మీ ప్రణాళిక చిరిగేది 60 ఏళ్ల దగ్గర కాదు, మూడో ఏటి దగ్గర.

ఇక మనశ్శాంతి సంగతి. ఎంత నష్టం భరించగలరని ఎవరైనా అడిగితే మనమంతా ఊహించి చెబుతాం, ఆ ఊహకు పెద్ద విలువ లేదు. మీ దగ్గర మాత్రం ఊహ కన్నా గట్టి ఆధారం ఉంది: 2020లో మీరు చేసిన పని. దానికి సిగ్గుపడకండి. మీ గురించి మీకు దొరికిన అరుదైన కొలత అది. ఆ ఏడాది ఎస్ అండ్ పి 500 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపల సుమారు 34 శాతం పడి, ఆగస్టు కల్లా పాత స్థాయిని అందుకుంది. అంటే మీరు తట్టుకోలేకపోయినది చరిత్రలో చాలా పొట్టి పతనాల్లో ఒకటి. 2007లో మొదలైన పతనం అడుగుకు చేరడానికి 17 నెలలు పట్టింది, సూచీ పాత స్థాయికి రావడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది. జపాన్ నిక్కీ సూచీ 1989 చివరి శిఖరాన్ని తిరిగి దాటింది 2024లో. మధ్యలో మార్కెట్ కొన్నిసార్లు లేచినట్టే లేచి మళ్లీ పడుతుంది, మనిషిని అలసిపోయేలా చేసేది అదే. కనుక మీరు వేసుకోవలసిన ప్రశ్న "14 భాగాలు చూసి తట్టుకోగలనా" అన్నది కాదు. "రెండేళ్లపాటు ప్రతి నెలా ఖాతా తెరిచినప్పుడల్లా 14కు అటూ ఇటూగా కనిపిస్తుంటే, అదే సమయంలో ఆఫీసులో ఎవరిని తీసేస్తారోనన్న మాట వినిపిస్తుంటే, ఏం చేస్తాను" అన్నది.

మళ్లీ సగం అమ్మితే దాని ఖరీదు ఎంతో చూద్దాం. 15 పడి 9 అయినప్పుడు 4.5 అమ్ముతారు. మార్కెట్ తిరిగి పాత స్థాయికి వస్తే, మీరు ఉంచుకున్న సగం 7.5 అవుతుంది, అమ్మిన సగం 4.5 దగ్గరే ఉంటుంది. మొత్తం 12. మార్కెట్ పూర్తిగా కోలుకున్నా మీరు 3 భాగాలు శాశ్వతంగా పోగొట్టుకున్నట్టు. మూడేళ్ల ఇంటి ఖర్చు అది. ఈ 3ను గుర్తుపెట్టుకోండి, కింద చెప్పబోయే దారులను దీంతో పోల్చాలి.

మొదటి దారి, ఏమీ మార్చకుండా ఉండటం. విరమణ లెక్క దీన్ని సమర్థిస్తుంది. రాబడి అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే అవకాశం కూడా దీనిలోనే ఉంది. కానీ ఇది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: పతనమూ జీతం ఆగడమూ మూడో ఏటి దగ్గర కలిసి రాకూడదు, మీరు 2020లో చేసిన పని మళ్లీ చేయకూడదు. రెండోదాని మీద పందెం కాయమంటే నేను కాయను.

రెండో దారి, ఇప్పుడున్నది ముట్టుకోకుండా, రాబోయే మూడేళ్ల కొత్త పొదుపును డిపాజిట్లలోకి మళ్లించడం. అమ్మకం ఉండదు కనుక పన్ను తంటా ఉండదు, మీ వారితో వాదనా ఉండదు. రెండేళ్లు గడిచేసరికి సురక్షిత డబ్బు 7 భాగాలు అవుతుంది. పైన చెప్పిన మూడో ఏటి కష్టం వచ్చినా, ఏడాది ఖర్చు ఒకటి, ఫీజులు నాలుగు పోగా, ఇంకా రెండు మిగులుతాయి. చిరుగు అక్కడికి సరిగ్గా అతుకుతుంది. దీని లోపం ఒక్కటే, అతుకు నెమ్మదిగా పడుతుంది. పతనం మొదటి ఏడాదిలోనే వస్తే మీ కళ్లకు కనిపించే అంకె మాత్రం ఇంచుమించు ఆ 14 దగ్గరే ఉంటుంది, మీ చేయి అమ్మకం వైపు వెళ్లే ప్రమాదం కూడా అంతే ఉంటుంది.

మూడో దారి, ఈక్విటీ నుంచి 3 భాగాలను ఇప్పుడే తీసి డిపాజిట్లలోనూ, తొందరగా గడువు తీరే బాండ్లలోనూ పెట్టడం. అప్పుడు ఈక్విటీ 12, సురక్షితం 8. 40 శాతం పతనం వస్తే 4.8 పోయి 15.2 మిగులుతాయి, మొత్తం మీద తగ్గుదల 24 శాతం. దీనికి మీరు చెల్లించేది ఏమిటంటే, ఆ 3 భాగాల మీద వదులుకునే అదనపు రాబడి. ఈక్విటీకీ డిపాజిట్‌కూ మధ్య ఏటా 3 శాతం తేడా అనుకుంటే అది ఏడాదికి సుమారు ఒక నెల ఇంటి ఖర్చు, దానికితోడు అమ్మకం మీద పడే పన్ను. విరమణ దాకా ఇలాగే ఉంచితే దాదాపు తొమ్మిది పది నెలల ఖర్చు. దాన్ని భయంతో సగం అమ్మేస్తే పోయే మూడేళ్ల ఖర్చుతో పోల్చి చూడండి. 24 శాతం దగ్గర మీరు నిలబడగలిగి, 30 శాతం దగ్గర నిలబడలేకపోతే, ఈ దారి చవకైనది. రెండు చోట్లా నిలబడగలిగితే అనవసరపు ఖర్చు. ఏ రెండు చోట్లా నిలబడలేకపోతే ఇది కూడా చాలదు, ఇంకా తగ్గించుకోవాలి.

లక్ష్యాలనే కదిలించే దారి నాలుగోది. చదువులో కొంత భాగానికి విద్యా రుణం తీసుకోవడమో, విరమణను 61కి జరపడానికి ముందే మనసు సిద్ధం చేసుకోవడమో చేస్తే, మదుపును అంతగా కదిలించనవసరం లేదు. అయితే జీతం ఆగిన ఏడాదిలో రుణం దొరకడం కష్టం కావచ్చు, అందుకే దీన్ని ఆఖరి ఆసరాగా ఉంచుకోవచ్చు గానీ మొదటిదిగా కాదు.

వీటిలో ఏది మీదో తేల్చుకోవడానికి ఒక పని చేయండి. మీ ఫండ్ల జాబితాను ఒక కాగితం మీద రాసి, ప్రతి ఈక్విటీ ఫండు పక్కనా 40 శాతం తగ్గించిన అంకె వేయండి. చిన్న కంపెనీల ఫండ్లు ఉంటే వాటికి సగం తగ్గించండి, అవి సాధారణంగా సూచీ కన్నా లోతుకు పడతాయి. శాతాలు రాయకండి, మీ అసలు డబ్బు అంకెలే రాయండి. "30 శాతం" అన్న మాట ఎవరినీ భయపెట్టదు, పోయిన మొత్తం కంటికి కనబడితే భయపెడుతుంది. ఆ కాగితానికి రెండు ప్రతులు చేసి, మీరొకటి, మీ వారొకటి తీసుకుని, ఆ రోజున ఏది అమ్ముతారో, ఏది కొంటారో, ఆ కొనే డబ్బు ఎక్కడినుంచి తెస్తారో, ఒకరికొకరు చూపించుకోకుండా రాయండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. మీ వారి కాగితంలో "బాండ్లు అమ్మి షేర్లు కొనాలి" అనీ, మీ కాగితంలో "అమ్మాయి ఫీజు బాండ్లలోంచి" అనీ ఉంటే, ఆ రెండు పనులూ ఒకే డబ్బుతో జరగవన్న సంగతి ఇద్దరికీ అక్కడే తెలుస్తుంది. నా మొగ్గు రెండో దారి వైపే ఉంది, కానీ మీ కాగితం మీద మళ్లీ "సగం అమ్ముతాను" అని నిజాయితీగా రాసుకుంటే మూడోదాన్నే ఎంచుకోమంటాను. రెండూ కలిపి, కొత్త పొదుపును మళ్లిస్తూ ఒకటో రెండో భాగాలు మాత్రం తీయడానికీ అడ్డేమీ లేదు.

ఏ దారి పట్టినా ఈ లెక్కను మళ్లీ వేయవలసిన తేదీ ఒకటి ముందే ఖాయంగా ఉంది, అది ఫీజులు కట్టిన మర్నాడు. పెరుగుదలను పక్కన పెట్టి చూస్తే, మూడో దారిలో 8గా ఉన్న సురక్షిత డబ్బు ఆ రోజుకు 4 అవుతుంది, కొత్త పొదుపును కూడా లెక్కలోకి తీసుకోకపోతే 16 భాగాల్లో 12 ఈక్విటీయే, అంటే మీరు ఇవాళ ఉన్న 75 శాతమే. రెండో దారిలో మూడేళ్ల పొదుపూ చేరాక 19లో 15, అంటే 79 శాతం. మీరు ఒక్క షేరు కూడా కొత్తగా కొనకుండానే ఈక్విటీ వాటా ఇలా పెరిగిపోతుంది, అప్పటికి మీ వయసు 54 ఉంటుంది.